చిగురు కింద ఎన్ని మిల్లీమీటర్లు?

శనివారం సాయంత్రం తల్లీకూతుళ్లు వచ్చారు. కూతురికి 24 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం, పండక్కి రాజమండ్రి వచ్చింది. బ్రష్ చేసుకుంటే వాష్‌బేసిన్ ఎర్రబడుతోందని ఆ పిల్ల భయం. ఓసారి దిండు గలీబు మీద కూడా మరక కనబడిందట. తల్లికి 51, పదేళ్లుగా షుగరు. ఆవిడ తోడుగా వచ్చారంతే. "నాకేం లేదండీ, నా పళ్లు గట్టివి. అప్పుడప్పుడూ కాస్త రక్తం వస్తుంది, ఎవరికి రాదు! దీని సంగతే చూడండి" అన్నారు.

ముప్పై ఏళ్లుగా చిగుళ్ల వైద్యం చేస్తున్నాను. ఇలా జంటగా వచ్చినప్పుడు తోడొచ్చినవాళ్లను కూడా కుర్చీలో కూర్చోబెట్టడం నాకు అలవాటు. ఆవిడ మొహమాటపడుతూనే కూర్చున్నారు. ఇద్దరి నోళ్లలోనూ ఒకటే పరికరం పెట్టి చూశాను. అది మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి లోహపు పుల్ల. మేము ప్రోబ్ అంటాం. మొన గుండ్రంగా ఉంటుంది, గుచ్చుకోదు. దాన్ని చిగురుకీ పంటికీ మధ్య నుంచి మెల్లగా కిందికి దింపి, ఎక్కడ ఆగిందో ఆ గీత చదవాలి. గట్టిగా నొక్కితే లెక్క తప్పుతుంది. ఒక పాతిక గ్రాముల బరువు మోపినంత ఒత్తిడి చాలు. ఒక్కో పంటికి బయటివైపు మూడు చోట్ల, లోపలివైపు మూడు చోట్ల, మొత్తం ఆరు అంకెలు. నేను చెబుతుంటే మా అసిస్టెంట్ రాసుకుంటుంది.

కూతురి అంకెలు ఇలా వినిపించాయి: రెండు, రెండు, మూడు. మూడు, రెండు, మూడు. కింద ముందు పళ్ల దగ్గర మాత్రం నాలుగులు రెండు మూడు వచ్చాయి. పుల్ల తాకిన ప్రతిచోటా రక్తం ఉబికింది. తల్లి దగ్గర రక్తం తక్కువే. అంకెలు మాత్రం వేరు: మూడు, నాలుగు, ఆరు. ఐదు, మూడు, ఆరు. పైన ఎడమ పక్క మొదటి పెద్ద దవడ పంటి దగ్గర ఏడు. "ఏడా?" అని అడిగింది కూతురు. అప్పటిదాకా ఆ పిల్ల తన గురించే కంగారు పడుతోంది.

ఎక్కువ రక్తం కారుతున్న పిల్లది చిన్న జబ్బు, జింజివైటిస్. రక్తం పెద్దగా కనబడని తల్లిది పెద్ద జబ్బు, పెరియోడాంటైటిస్. మన పెద్దవాళ్లు పయోరియా అనేది దీన్నే. రెండింటినీ కలిపి చిగుళ్ల వాపు అనేస్తాం కానీ, ఒకటి వారం పది రోజుల్లో ఆనవాలు లేకుండా పోయేది, రెండోది వచ్చిందంటే ఆపగలమే తప్ప పోయినదాన్ని మొత్తంగా తిరిగి తేలేనిది.

తేడా ఎక్కడుందో తెలియాలంటే పంటి మెడ దగ్గర కాస్త ఆగి చూడాలి. చిగురు పంటికి అంచు దాకా అతుక్కుని ఉండదు. చొక్కా కాలరు మెడ చుట్టూ ఉన్నట్టు, పైన కొంచెం వదులుగా ఉంటుంది. ఆ సందు లోతు ఆరోగ్యంగా ఉన్న నోట్లో ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. దాని అడుగున చిగురు పంటిని కరుచుకుని ఉంటుంది. ఇంకా కింద పంటి వేరునీ దవడ ఎముకనీ కలిపి కట్టే నారపోగులుంటాయి. పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు, ఈ పోగులతో వేలాడుతూ ఉంటుంది. అందుకే గట్టి శనగలు నమిలినా అదురు ఎముకకు తగలదు.

పొద్దున లేవగానే నాలుకకు తగిలే జిగురు, మనం పాచి అనేది, ఈ సందు దగ్గరే ముందు చేరుతుంది. అది అన్నం మెతుకుల అవశేషం కాదు. ఒకదానికొకటి అతుక్కుని పొరగా కాపురం పెట్టిన సూక్ష్మజీవులు. పుక్కిలిస్తే పోవు, రుద్దితే పోతాయి. రుద్దకపోతే ఏమవుతుందో 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే వైద్యుడూ ఆయన సహచరులూ పరీక్ష పెట్టి చూశారు. ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించారు. వాళ్లలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. పది రోజుల నుంచి మూడు వారాల్లోపు అందరికీ చిగుళ్లు ఎర్రబడి వాచాయి. మళ్లీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టగానే దాదాపు వారం రోజుల్లో మామూలైపోయాయి. జింజివైటిస్ అంటే ఇంతే. పాచి మీదికి శరీరం రక్తాన్ని పంపుతుంది, చిగురు ఉబ్బుతుంది, లోపలి చర్మం పలచబడుతుంది, తాకితే కారుతుంది. కింద ఉన్న నారపోగులు, ఎముక చెక్కుచెదరవు.

మరి కూతురి చార్టులో నాలుగులు ఎందుకొచ్చాయి? చిగురు వాచి పైకి లేచింది కాబట్టి. నేల అక్కడే ఉంది, గట్టు పెరిగింది. దాన్ని మేము దొంగ పాకెట్ అంటాం. వాపు దిగితే అంకె కూడా దిగుతుంది. తల్లి ఆరులూ ఏడులూ అలాంటివి కావు. అక్కడ అడుగే కుంగింది. చిగురు వేరు మీద తన పట్టు వదిలేసి కిందికి జారింది, పోగులు తెగాయి, ఎముక అంచు కరిగింది. కింద ముందు పళ్ల దగ్గర ఆవిడకు లోతు నాలుగే వచ్చింది. కానీ అక్కడ చిగురే రెండు మిల్లీమీటర్లు కిందికి దిగిపోయి వేరు కనబడుతోంది. "వయసొచ్చింది కదండీ, పళ్లు పొడుగయ్యాయి" అన్నారావిడ. పళ్లు పొడుగవవు. దిగిన రెండూ, లోతు నాలుగూ కలిపితే ఆ పళ్లు పోగొట్టుకున్న పట్టు ఆరు మిల్లీమీటర్లు.

ఎక్స్‌రే తీసి ఇద్దరినీ తెర ముందు కూర్చోబెట్టాను. మామూలుగా ఎనామిల్ ముగిసే గీతకు ఒకటి రెండు మిల్లీమీటర్ల కిందే ఎముక అంచు తెల్లగా కనబడాలి. తల్లి దవడ పళ్ల దగ్గర ఆ అంచు వేరు పొడవులో మూడోవంతు దాకా కిందికి పోయి, ఏటిగట్టు కోసుకుపోయినట్టుంది. ఈ కోతకు సూక్ష్మజీవులది సగం పాత్రే. పాకెట్ లోపల గాలి తగలని చోట కొన్ని మొండి జాతులు పెరుగుతాయి, వాటిని తరమడానికి మన శరీరం సాగించే యుద్ధం ఏళ్ల తరబడి ఆగదు. ఆ యుద్ధంలో వచ్చే రసాయనాలే ఎముకను కరిగించే కణాలను ఉసిగొల్పుతాయి. ఇంట్లో దొంగ పడ్డాడని గోడలు పగలగొట్టుకున్నట్టు.

జింజివైటిస్ వచ్చిన ప్రతివాళ్లకీ పెరియోడాంటైటిస్ వస్తుందా అని అడుగుతారు. రాదు. ఇందుకు మంచి ఆధారం శ్రీలంక తేయాకు తోటల నుంచే వచ్చింది. పైన చెప్పిన లో బృందమే 1970 నుంచి 15 ఏళ్లపాటు అక్కడి 480 మంది మగ కూలీల నోళ్లను మళ్లీ మళ్లీ పరీక్షించింది. వాళ్లకు బ్రష్ అలవాటు లేదు, దంతవైద్యం అందలేదు. అందరి పళ్ల మీదా పాచీ గారా దండిగా ఉన్నాయి, అందరికీ చిగుళ్ల వాపు ఉంది. అయినా నూటికి 11 మందిలో జబ్బు జింజివైటిస్ దగ్గరే ఆగిపోయింది. 81 మందిలో నెమ్మదిగా ముదిరింది. మిగతా 8 మందిలో ఎంత వేగంగా ముదిరిందంటే, 45 ఏళ్లొచ్చేసరికి నోట్లో పళ్లు దాదాపు మిగల్లేదు. పాచి అందరిదీ ఒకటే, ఒళ్లు అందరిదీ ఒకటి కాదు. ఎవరిది ఏ ఒళ్లో ముందుగా చెప్పే పరీక్ష మా దగ్గర లేదు. చెప్పగలిగిన రెండు విషయాలు మాత్రం ఉన్నాయి: అదుపులో లేని షుగరు, పొగాకు. 2018లో వచ్చిన కొత్త వర్గీకరణలో జబ్బు వేగాన్ని అంచనా కట్టడానికి ఈ రెంటినే లెక్కలోకి తీసుకున్నారు. మూడు నెలల షుగరు సగటు ఏడు దాటితే అది వేగంగా ముదిరే తరగతి. మా పేషెంటుది 8.1.

పొగాకు ఇంకా మోసకారి. చుట్టా బీడీ సిగరెట్ల వల్ల చిగుళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. లోపల ఎముక కరిగిపోతున్నా బయటికి చుక్క రక్తం రాదు, చిగురు గట్టిగా, పాలిపోయి కనబడుతుంది. మానేసిన కొన్ని వారాలకు రక్తం రావడం మొదలవుతుంది. "మానేశాకే జబ్బొచ్చింది డాక్టర్ గారూ" అని మళ్లీ అంటించినవాళ్లను చూశాను.

కూతురి వైద్యం అరగంటలో అయిపోయింది. కింద ముందు పళ్ల వెనక, లాలాజలం ఊరే చోట, పసుపుపచ్చటి గార ఉంది. పాచిని రోజూ తీయకపోతే లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి రెండు వారాల్లోపే అది గట్టిపడిపోతుంది. గార అన్న మాట గోడకీ పంటికీ ఒకటే కావడం ఊరికే కాదు. అలా గట్టిపడ్డాక ఏ బ్రష్షూ, ఏ పేస్టూ దాన్ని ఊడదీయలేదు. స్కేలింగ్ అంటే ఈ గారను తీయడం. అల్ట్రాసోనిక్ స్కేలర్ కొస సెకనుకు పాతిక వేల సార్లకు పైగా కంపిస్తుంది, వెంట నీళ్లు చిమ్ముతుంది. గార పెళ్లలుగా రాలుతుంది. రక్తం వస్తోందని ఆ పిల్ల ఆ పళ్ల దగ్గర తోమడమే మానేసిందట. అందరూ చేసేదే, జబ్బును పెంచేదీ అదే. బ్రష్‌ను చిగురు అంచుకు వాలుగా ఆనించి చిన్నగా కదపడం అద్దంలో చూపించి పంపాను. పది రోజుల తర్వాత ఫోన్ చేసి రక్తం ఆగిందని చెప్పింది. ఆమె కథ అక్కడితో అయింది.

తల్లి కథకు రెండు సిట్టింగులు పట్టాయి, వారం తేడాతో, ఒక్కోటీ గంటకు పైనే. ఆవిడ మొదట అడిగింది ఊహించిందే: "క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయంటారు కదండీ?" ఈ మాట గోదావరి జిల్లాల్లోనే కాదు, తెలుగువాళ్లు ఎక్కడుంటే అక్కడ వింటాను. ఇందులో కంటికి కనబడే నిజం కొంత ఉంది. కూలబోయే గోడకు పైన గార గట్టిగా పూసి ఉంటే నిలబడ్డట్టే కనబడుతుంది. గార రాలితే గోడ సంగతి బయటపడుతుంది. పంటిని వదులు చేసింది ఎముక కరగడమే, దాన్ని కప్పిపుచ్చింది గార. పళ్ల మధ్య సందులు కనబడటం కూడా అంతే. అక్కడ ఇంతకాలం ఉన్నది చిగురు కాదు, గారా, వాపూ.

ఆవిడకు చేసింది స్కేలింగ్‌తో పాటు రూట్ ప్లేనింగ్. పేరు విని ఏదో ప్లానింగ్ అనుకుంటారు. అసలు అర్థం చిత్రిక పట్టడం. వడ్రంగి చెక్కను నునుపు చేసినట్టు పంటి వేరును నునుపు చేయడం. పనంతా చిగురు కింద, కంటికి కనబడని చోట జరుగుతుంది కాబట్టి ముందు మత్తు ఇంజెక్షన్ ఇవ్వాలి. టిఫిన్ తిని, షుగరు మాత్ర వేసుకుని రమ్మన్నాను. మొదటి రోజు కుడివైపు పైనా కిందా, రెండోసారి ఎడమవైపు.

ముందు సన్నటి కొస ఉన్న స్కేలర్‌తో పాకెట్లలోకి దిగి లోతుగా కడిగాను. చిగురు కింద గార రంగే వేరు. నల్లగా, కాస్త ఆకుపచ్చగా, వేరుకు సీలు వేసినట్టు పలచగా అంటుకుని ఉంటుంది. పాకెట్‌లో కారిన రక్తం దానికి ఆ రంగు ఇస్తుంది. అది స్కేలర్‌కు పూర్తిగా లొంగదు. అప్పుడు చేతి పరికరం తీయాలి. క్యూరెట్ అంటాం, చిన్న గరిటె కొసలాంటిది, ఒక అంచు పదును. గ్రేసీ క్యూరెట్లని ఒక వరస ఉంది, పంటి ఒక్కో ముఖానికి ఒక్కో నంబరు. దవడ పంటి ముందువైపుకు 11-12, వెనకవైపుకు 13-14. అంచును వేరుకు బల్లపరుపుగా ఆనించి, చిగురు గాయపడకుండా పాకెట్ అడుగుదాకా జార్చాలి. అడుగు తగిలాక కొంచెం వాల్చి, పదును వేరును పట్టుకునేలా చేసి, పైకి లాగాలి. పొట్టి పొట్టి గీతలుగా, ఒకదాని పక్కన ఒకటి.

ఎప్పుడు ఆపాలో వేళ్లే చెబుతాయి. గార ఉన్నంతసేపూ పరికరం తడబడుతుంది, ఇసుక మీద గీసినట్టు కరకరమంటుంది. పోయాక గాజు మీద గీసినట్టు జారుతుంది. ఆ తర్వాత సన్నటి సూదితో ఒకసారి తడిమి చూసుకోవాలి. మేము చదువుకునే రోజుల్లో ఇక్కడితో ఆపనిచ్చేవారు కాదు. వేరు పైపొరలో విషం ఇంకిపోయి ఉంటుంది, ఆ పొరంతా గీకి తీసెయ్యాలనేవారు. విషం లోపలికి ఇంకదని, పైపైనే ఉంటుందని, నీటితో కడిగి బ్రష్‌తో రుద్దితేనే చాలావరకు పోతుందని 1980ల్లో పరిశోధనలు తేల్చాయి. అందుకని ఇప్పుడు చిత్రిక పట్టడం అన్న పేరే మిగిలింది, చేతిలో దూకుడు తగ్గింది. అతిగా గీకితే వేరు పలచబడి చల్లనీళ్లు తాగినప్పుడల్లా జివ్వుమంటుంది. ఇంకో సంగతి, మూడు మిల్లీమీటర్ల లోపు సందుల్లో ఈ పని చేస్తే మేలు కంటే కీడే జరుగుతుంది, ఉన్న పట్టు కాస్త పోతుంది. కూతురికి చేయనిది అందుకే.

రెండు సిట్టింగుల మధ్య ఆవిడ మందుల షాపులో యాంటీబయోటిక్ కొని రెండు రోజులు వేసుకున్నారట, "ఇన్‌ఫెక్షన్ అన్నారు కదా" అని. గార మీద పొరగా బిగిసిన సూక్ష్మజీవుల్లోకి మాత్ర సరిగ్గా దిగదు. వాపు నాలుగు రోజులు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ముందు పొరను చేత్తో చెదరగొట్టాలి. మాత్ర అవసరమైన కేసులు ఉన్నాయి, అవి తక్కువ, అక్కడ కూడా అది శుభ్రం చేయడానికి తోడే.

మొదటి రెండు రోజులు ఉమ్మిలో కొంచెం ఎరుపు, నొప్పికి ఒకటి రెండు మాత్రలు. తర్వాత కొన్ని వారాలు చల్లటివి తగిలితే పళ్లు జివ్వుమన్నాయి. వాపు దిగి చిగురు కుంచించుకుంది, పళ్లు మరికొంచెం పొడుగ్గా కనబడ్డాయి. ఆవిడ అద్దంలో చూసుకుని దిగులుపడ్డారు. ఇది ముందే చెప్పకపోతే డాక్టరే చెడగొట్టాడనుకుంటారు. లోపల జరిగేది ఇది: శుభ్రమైన వేరుకు చిగురు లోపలి చర్మం మళ్లీ అతుక్కుంటుంది. తెగిన పోగులు, కరిగిన ఎముక చాలావరకు తిరిగి రావు. పాత బంధం పోయి, పొడుగాటి పలచటి కొత్త అతుకు వస్తుంది. అది బాగానే నిలుస్తుంది, పాచిని దరి చేరనీయకుంటే.

ఎనిమిది వారాలకు మళ్లీ అదే పుల్లతో కొలిచాం. తొందరపడి ముందే కొలిస్తే లేత అతుకు చిరుగుతుంది. మొదటి రోజు ఐదూ ఆపైన అంకెలు 22 చోట్ల ఉండేవి. ఇప్పుడు ఐదు చోట్ల. ఆరులు చాలావరకు నాలుగులయ్యాయి. నాలుగు నుంచి ఆరు దాకా ఉన్న పాకెట్లు సగటున ఒక మిల్లీమీటరు పైచిలుకు, ఏడు దాటినవి రెండు మిల్లీమీటర్ల దాకా తగ్గుతాయి. అంతకంటే ఎక్కువ ఆశపెడితే అది అబద్ధం. షుగరు సగటు 7.6కి దిగింది. చిగుళ్ల వైద్యం వల్ల ఆ అంకె ఓ 0.3, 0.4 దాకా తగ్గడం తెలిసిన సంగతే. కానీ అదే సమయంలో ఆవిడ షుగరు డాక్టరు మందు కూడా మార్చారు కాబట్టి, ఆ ఘనత మొత్తం నాది అనుకోను.

పైన ఎడమ దవడ పన్ను మాత్రం మొండికేసింది. ఏడు ఉన్నది ఆరయింది, పుల్ల తగిలితే రక్తం ఇంకా వస్తోంది. ఆ పంటికి మూడు వేర్లు. ఎముక తగ్గి వేర్లు చీలే చోటు బయటపడింది. ఆ సందు చాలామందిలో ఒక మిల్లీమీటరు కంటే ఇరుకు, క్యూరెట్ అంచు వెడల్పూ దాదాపు అంతే. గుమ్మం ఇరుకైతే చీపురు లోపలికి పోదు. ఎంత చేయి తిరిగినవాళ్లైనా అంత లోతులో, అలాంటి చోట కొంత గార వదిలేస్తారు. అక్కడ చిగురును కాస్త తెరిచి కంటితో చూస్తూ శుభ్రం చేయాలి. దాన్ని ఫ్లాప్ ఆపరేషన్ అంటారు. ఒక్క పంటికే కాబట్టి వచ్చే నెలలో చేద్దామనుకున్నాం. మిగతా నోటికి అవసరం లేదు.

పళ్ల మధ్య సందుల్లోకి దూరే బుల్లి బ్రష్‌లు రెండు సైజుల్లో ఇచ్చాను. ఆవిడకు పేస్టు కంటే అవి ముఖ్యం. మూడు నెలలకోసారి రమ్మన్నాను, ఎందుకంటే శుభ్రం చేసిన పాకెట్లలోకి పాత సూక్ష్మజీవులు రెండు మూడు నెలల్లో తిరిగి చేరుతాయి. "మళ్లీ క్లీనింగా?" అన్నారు. మళ్లీనే. షుగరు మాత్ర లాగే, ఇదీ ఆగేది కాదు.

మీరు ఈసారి పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే, "క్లీనింగ్ చేయించుకోవాలి" అని చెప్పగానే కుర్చీలో వెనక్కి వాలిపోకండి. నా చిగుళ్ల లోతు ఎంతుందో కొలిచి, ఆ అంకెలు రాసివ్వమని అడగండి. నాలుగు దాటినవి ఉంటే ఎక్స్‌రే చూపించమనండి, రెండు నెలల తర్వాత మళ్లీ కొలిచి ఆ కాగితం పక్కన పెట్టమనండి.